గట్టు మీద మనుషులు మారారు

1991 ఫిబ్రవరిలో జనాభా లెక్కల పని మీద మొదటిసారి ఆ కాలువ గట్టు ఎక్కాను. నరసాపురం ప్రాంతంలో పురపాలక ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని నేను. ఆ పని ఉపాధ్యాయులకే వేస్తారు కాబట్టి చేతిలో ఫారాలు, సంచిలో సుద్దముక్క, కాళ్ళకు పాత చెప్పులు వేసుకుని బయల్దేరాను. 2001లో మళ్ళీ అదే బ్లాకు నా వంతు వచ్చింది. 2011లో అయితే నేనే అడిగి వేయించుకున్నాను. ఇరవై ఏళ్ళ వ్యవధిలో మూడుసార్లు అవే గడపల ముందు నిలబడ్డాను. ఎవరి ఫారంలో ఏముందో చెప్పను, చెప్పకూడదు కూడా. కంటికి కనబడింది, చెవిన పడింది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు గట్టు మీద ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. మగవాళ్ళు రైసు మిల్లుల్లో బస్తాలు మోసేవారు, ఆడవాళ్ళు ఇళ్ళ కట్టుబడిలో ఇసుక, ఇటుక అందించేవారు. పదేళ్ళ తర్వాత వెళ్తే ఆ ముఖాల్లో రెండు మూడు తప్ప ఏవీ కనబడలేదు. ఆ పాకల్లో 1996 నవంబరు తుఫానుకు కొబ్బరి చెట్లు కూలి, కోనసీమ తీరం నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన వాళ్ళున్నారు. వారితో పాటు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళూ చేరారు. మూడోసారి వెళ్ళేసరికి రొయ్యల శుద్ధి షెడ్లలో పనికి ఒడిశా నుంచి వచ్చిన వాళ్ళు సగానికి సగం. నేను తెలుగులో ప్రశ్న అడిగితే పక్కింటి పిల్లవాడు వాళ్ళకు తర్జుమా చేసి చెప్పేవాడు.

మనుషులు ఇంతగా మారినా ఊళ్ళో ఒక మాట మారలేదు. సైకిలు పోయినా, పొలం మోటారుకున్న రాగి తీగ కోసుకుపోయినా, తిరునాళ్ళలో ఎవరి మెడలో గొలుసు తెగినా, “గట్టు మీద చూడండి” అనేవారు. 1991లో ఆ ఉత్తరాది కూలీలే అంత అన్నారు. 2001లో సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన వాళ్ళు మొరటువాళ్ళు అన్నారు. 2011లో ఆ నింద ఒడిశా వాళ్ళ మీద పడింది. ఒకే నేరాన్ని మూడు రకాల మనుషుల పుట్టుకకు అంటగట్టిన ఊరు, ఆ మూడు కారణాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని గమనించలేదు. శ్రీకాకుళం వాళ్ళ స్వభావమే కారణమైతే, వాళ్ళు వెళ్ళిపోయాక దొంగతనాలు ఎందుకు ఆగలేదు? వెళ్ళిన చోటికి వాళ్ళ వెంట ఎందుకు వెళ్ళలేదు?

ఈ రెండు ప్రశ్నలూ చాలా ఏళ్ళు నా బుర్రలో తిరిగాయి. నాకంటే ఎంతో ముందే వీటిని సరిగ్గా ఇలాగే అడిగి, ఓపిగ్గా లెక్క కట్టినవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. అమెరికాలోని షికాగో నగరంలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు ఆ పని చేశారు. వాళ్ళ ప్రధాన గ్రంథం 1942లో వెలువడింది. సమాజశాస్త్రంలో సామాజిక విఘటన సిద్ధాంతం అని చెప్పే దానికి గట్టి పునాది వేసింది ఆ పనే. పేరు చూసి బెదరనక్కర్లేదు. ఒక పేటలోని మనుషులు కలిసి తమ పేటను అదుపులో ఉంచుకోలేని స్థితిని విఘటన అన్నారు. అక్కడి మనుషులు చెడ్డవాళ్ళని దాని అర్థం కాదు.

వాళ్ళు చేసిన పని నాలాంటి లెక్కల మాస్టారికి ముచ్చట గొలుపుతుంది. బాలల న్యాయస్థానం రికార్డుల నుంచి కేసుల్లోకి వచ్చిన మగపిల్లల ఇంటి చిరునామాలు తీసుకున్నారు. నేరం జరిగిన చోటు కాదు, పిల్లవాడు పడుకునే ఇల్లు. ఆ ఇంటిని నగర పటం మీద చుక్కగా పెట్టారు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో చుక్క. తర్వాత నగరాన్ని చదరపు మైలు చొప్పున గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ పది నుంచి పదహారేళ్ళ మగపిల్లలు వందమంది ఉంటే వాళ్ళలో ఎంతమంది కోర్టుకెక్కారో లెక్కగట్టారు. ఈ పనిని ఒక్కసారితో సరిపెట్టలేదు. 1900-06 కాలానికి ఒక పటం, 1917-23కి ఒకటి, 1927-33కి ఇంకొకటి. ఒక్కోదానిలో ఎనిమిది వేలకు పైగా పిల్లలు.

మూడు పటాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చుక్కలు ఒకేచోట గుమిగూడాయి. నగరం నడిబొడ్డున ఉన్న వ్యాపార కేంద్రాన్నీ ఫ్యాక్టరీలనూ ఆనుకున్న పేటల్లో కోర్టుకెక్కిన పిల్లల రేటు ఎక్కువ. బయటికి వెళ్తున్నకొద్దీ మెట్టుమెట్టుగా తగ్గుతుంది. దాదాపు ముప్ఫై ఏళ్ళ పాటు ఈ వరుస పెద్దగా కదల్లేదు.

అసలు విషయం దీని తర్వాత వస్తుంది. ఆ ముప్ఫై ఏళ్ళూ పేటలు అవే, మనుషులు వేరు. షా, మెకే ఎనిమిది లోపలి పేటలను విడిగా చూశారు. అక్కడ విదేశాల్లో పుట్టినవాళ్ళలో జర్మన్లు, ఐరిష్ వాళ్ళు, ఇంగ్లండ్, స్కాట్లండ్, స్కాండినేవియా వాళ్ళు కలిపి 1884లో నూటికి 90 మంది. 1930 నాటికి వాళ్ళ వాటా నూటికి 12. వాళ్ళు ఖాళీ చేసిన ఇళ్ళలోకి ఇటలీ, పోలండ్ వాళ్ళు, ఇతర స్లావు జాతుల వాళ్ళు వచ్చారు. కొన్ని చోట్ల వాళ్ళ తర్వాత దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు వచ్చాయి. ఎవరొచ్చినా ఆ పేటల రేటు నగరంలోకెల్లా ఎక్కువ ఉన్నవాటిలోనే నిలిచింది. అక్కడి నుంచి మంచి పేటలకు మారిన కుటుంబాల పిల్లల్లో రేటు తగ్గింది. ఒకే జాతి వాళ్ళు లోపలి పేటలో ఉంటే ఒక రేటు, బయటి పేటలో ఉంటే ఇంకో రేటు. నేరం రక్తంలో ఉందన్న వాదాన్ని ఇంతకంటే సూటిగా తిప్పికొట్టిన లెక్క నేను చూడలేదు.

ఆ వాదం మన నేల మీద ఎంత చేటు చేసిందో తలచుకోకుండా ముందుకు వెళ్ళలేను. 1871లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలకు కులాలనే పుట్టుకతో దొంగలని రాసిపెట్టింది. 1911లో ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చాక వాళ్ళలో తెలుగువాళ్ళూ చేరారు. తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా పోలీసు రిజిస్టరు సిద్ధంగా ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. కానీ “గట్టు మీద చూడండి” అన్నప్పుడల్లా దాని ఊపిరి ఇంకా నా చెవికి తగులుతుంది.

పుట్టుక కారణం కాకపోతే మరి నేలే కారణమా? మా ఊళ్ళో ఆ మాట అనేవాళ్ళూ ఉన్నారు. ఆ గట్టు కింద పూర్వం శ్మశానం ఉండేదని, ఆ జాగా మంచిది కాదని. మట్టిలో ఏమీ లేదు. మట్టి మీద ఉన్న హక్కులో ఉంది, లేక హక్కు లేకపోవడంలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు డెల్టా అంతా పాకాయి. వాటి గట్లు నీటిపారుదల శాఖవి. అక్కడ పాక వేసుకున్నవాడికి పట్టా ఉండదు. ఏ రోజైనా పొక్లెయిన్ వచ్చి తీసేయవచ్చు. అందుకని గోడ కట్టరు, తాటాకుతో కానీ రేకుతో కానీ సరిపెడతారు. ముందుగా వచ్చినవాడు రెండు పాకలు వేసి ఒకటి అద్దెకిస్తాడు. అద్దె తక్కువ కాబట్టి ఊరికి కొత్తగా వచ్చినవాడు ముందు అక్కడే దిగుతాడు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే అక్కడి నుంచే ముందు వెళ్ళిపోతాడు. షికాగోలో ఇదే పని వేరే దారిలో జరిగింది. ఫ్యాక్టరీలు విస్తరిస్తే స్థలానికి మంచి ధర వస్తుందని ఇళ్ళ యజమానులు మరమ్మతులు మానేసి, ఎంతొస్తే అంతకు అద్దెకిచ్చారు. రెండు చోట్లా ఫలితం ఒకటే. ఆ పేట ఎవరికీ ఇల్లు కాదు, అందరికీ మజిలీ.

మజిలీలో ఏం జరుగుతుందో 2001లో ఒక మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. ఒక పాక గడప దగ్గర నిలబడి ఫారం నింపుతున్నాను. ఎదురుగా గట్టు వాలులో ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని ఎక్కడో కోసుకొచ్చిన మోటారు తీగను తాటాకు మంట మీద కాలుస్తున్నారు. పైనున్న ప్లాస్టిక్ కరిగిపోతే లోపలి రాగి మిగులుతుంది. ఘాటైన నల్లటి పొగ. వాళ్ళలో ఒకడికి పదేళ్ళు ఉంటాయేమో. పక్కనున్న పెద్దవాడు చెబుతుంటే వాడు కర్రతో తిప్పుతున్నాడు, ఎక్కువ కాలితే రాగి నల్లబడి ధర తగ్గుతుందట. తూకంలో మోసపోకుండా ఏ పాత ఇనుప సామాన్ల కొట్టుకు తీసుకెళ్ళాలో కూడా వాడికి అప్పుడే తెలిసింది. ఆ కొట్టు 1991లో ఉంది, 2001లో ఉంది, 2011లోనూ ఉంది. అనుమతి లేకుండా మందు అమ్మే పాకా అంతే. గట్టు మీద కుటుంబాలు మారుతుంటే నిలిచి ఉన్నవి ఇవి రెండే.

ఫారం నింపిస్తున్న ఇల్లాలు ఆ పొగ చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లలు ఎవరమ్మా అని అడిగాను.

“తెలీదండి మాస్టారూ. మేం వచ్చి మూడు నెలలే.”

“ఆ చిన్నవాడు బడికి పోవడం లేదా?”

“ఎవరి పిల్లలో ఏమోనండి. మనం ఒక మాటంటే వాళ్ళ నాన్న తాగి మీదికొస్తాడు. వచ్చే నెలకు మేమే ఇక్కడ ఉంటామో లేదో, మనకెందుకండీ.”

ఆమె పిరికిది కాదు. తన ఇద్దరు పిల్లలను తెల్లవారుజామునే లేపి బడికి పంపే మనిషి. ఆమె మాటలో లెక్క ఉంది. మందలిస్తే తిట్లు ఈ రోజే పడతాయి. ఆ మందలింపు వల్ల పిల్లవాడు బాగుపడితే ఆ మేలు రెండేళ్ళ తర్వాత కనబడుతుంది, అప్పటికి ఆమె అక్కడ ఉండదు. పైగా తన వెనక ఎవరు నిలబడతారో ఆమెకు తెలియదు. నలభై గడపల్లోనూ ఇదే లెక్క వేసుకుంటే ఆ పిల్లవాడికి అడ్డు చెప్పేవారే లేరు. నేర్పేవాడు మాత్రం పక్కనే ఉన్నాడు. షా, మెకే చూసినదీ అదే. కోర్టుకెక్కిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా తోడుదొంగలతో పట్టుబడ్డవాళ్ళే. పెద్దవాడు చిన్నవాడికి నేర్పి వెళ్ళిపోతాడు. ఆ చిన్నవాడు పెద్దవాడై కొత్తగా వచ్చిన కుటుంబంలోని పిల్లవాడికి నేర్పుతాడు. కుటుంబాలు ఒక్కసారిగా మూటాముల్లె కట్టుకుని మారవు, నాలుగు పోతే నాలుగు వస్తాయి. అందుకే విద్య తెగిపోదు.

బీదరికమే కారణమని తేల్చేవాళ్ళకు మా ఊళ్ళోనే ఇంకో వీధి చూపిస్తాను. గట్టుకు అర కిలోమీటరు దూరంలో లేసు అల్లే ఆడవాళ్ళ వీధి ఉంది. లేసు అల్లకంలో వచ్చే కూలి ఎంత తక్కువో ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. రోజంతా కళ్ళు పొడుచుకుని సూది తిప్పినా పొయ్యిలోకి కట్టెలు చాలవు. అయినా ఆ వీధిలో నేను బడికి రాని పిల్లవాడి కోసం వెళ్తే, వాడి ఇల్లు చేరేలోపే మూడు అరుగుల మీది నుంచి మూడు కబుర్లు అందేవి. వాడు పొద్దున్నే చెరువు వైపు వెళ్ళాడని ఒకామె, వాళ్ళమ్మకు చెప్పానని ఇంకొకామె, సాయంత్రం పట్టుకుని పంపిస్తామని మూడో ఆమె. వాళ్ళు మూడు తరాలుగా అక్కడే ఉన్నారు. ఇళ్ళు పాతవే అయినా సొంతవి. పని కూడా అరుగు మీదే కాబట్టి వీధి మీద కన్ను ఎప్పుడూ ఉంటుంది. ఆ వీధిని నేను పొగడటం లేదు. ఆడవాళ్ళు గడప దాటి పనికి పోకూడదన్న కట్టుబాటే వాళ్ళను ఆ అరుగులకు కట్టేసింది, కూలిని అంత తక్కువకు దించిందీ అదే. కానీ జేబులు రెండు వీధుల్లోనూ ఖాళీవే అయినప్పుడు ఒకచోట పిల్లవాడు రాగి కాల్చడం నేర్చుకున్నాడు, ఇంకోచోట నేర్చుకోలేదు. ఆ తేడా డబ్బుతో వచ్చింది కాదు.

ఇక్కడ చదువరి నన్ను నిలదీయాలి. నా మాట అంతా ఊరి నోటిమాట మీద, షికాగో మాట కోర్టు రికార్డుల మీద నిలబడింది కదా అని. న్యాయమైన ప్రశ్న. ఏ సైకిలు పోయినా పోలీసు జీపు ముందు గట్టుకే వస్తే, పట్టుబడేవాళ్ళు గట్టు వాళ్ళే అవుతారు. లేసు వీధి పిల్లవాడు అదే పని చేస్తే పెద్దమనిషి ఒకాయన స్టేషనుకు వెళ్ళి మాట్లాడి ఇంటికి తీసుకొచ్చేస్తాడు, రికార్డులో ఏమీ ఉండదు. అలాంటప్పుడు రికార్డు కొలిచేది నేరాన్నా, పోలీసు అలవాటునా? షా, మెకే మీద వచ్చిన విమర్శల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచింది ఇదే.

దీనికి జవాబు 1989లో వచ్చింది. రాబర్ట్ శాంప్సన్, బైరన్ గ్రోవ్స్ పోలీసు లెక్కలను పక్కన పెట్టి, 1982లో బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద సర్వేను తీసుకున్నారు. మీకు ఏం జరిగింది, మీ ఇంట్లో ఏం పోయింది, మీరు ఏం చేశారు అని జనాన్నే అడిగిన సర్వే అది. 238 పేటలు, పదివేల మందికి పైగా మనుషులు. అందులో వాళ్ళు మూడు సంగతులు చూశారు. చుట్టుపక్కల స్నేహితులు ఎంతమంది ఉన్నారు, సంఘాల సమావేశాలకు వెళ్తారా, వీధుల్లో అడిగేవాళ్ళు లేకుండా తిరిగే కుర్రకారు ఎంత ఉంది. బీదరికం, కాపురాలు తరచూ మారడం వంటివి నేరం మీద చూపే ప్రభావంలో చాలా భాగం ఈ మూడింటి గుండానే సాగుతుందని తేలింది. వీటిలో అదుపులేని కుర్రకారు ముఠాల బరువు ఎక్కువ. అంటే పోలీసు జీపు లేకుండా కొలిచినా ఆ బొమ్మ చెరిగిపోలేదు.

1995లో షికాగోలోనే 8,782 మందిని అడిగిన సర్వే ఫలితాలను శాంప్సన్ ఇంకో ఇద్దరితో కలిసి 1997లో ప్రకటించాడు. ప్రశ్నలు చూస్తే నాకు ఆ గట్టు ఇల్లాలు గుర్తొచ్చింది. పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూలన నిలబడితే మీ ఇరుగుపొరుగు ఏమైనా చేస్తారా? పిల్లవాడు పెద్దవాళ్ళను అమర్యాదగా మాట్లాడితే? మీ ఇంటి ముందు కొట్లాట మొదలైతే? ఇక్కడివాళ్ళను నమ్మవచ్చా? ఎదురు చెప్పే తెగువ, ఒకరి మీద ఒకరికి నమ్మకం, ఈ రెండూ కలిసి ఉన్న పేటల్లో హింస తక్కువని తేలింది, బీదరికాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా. పరిచయం ఒక్కటే చాలదని కూడా ఈ రంగంలో పనిచేసినవాళ్ళు చూశారు. అందరూ బంధువులే అయిన పేటలో దొంగ కూడా ఎవరికో మేనల్లుడే, వాడిని పట్టించడానికి చేతులు రావు. కోడిపందేల బరులు ఊరి మధ్యన నడిచే మన జిల్లాల వాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

సిద్ధాంతానికి ఇంకో హద్దు ఉంది, నా వాదనకు అదే ఆయువుపట్టు. షికాగోలో ఆ పేటల వరుస ఎప్పటికీ అలాగే ఉండిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలాన్ని పరిశీలించిన రాబర్ట్ బర్సిక్, ఆ నిలకడ చెదిరిపోయిందని చూపాడు. మనుషులు ఒక్కసారిగా మారిపోయిన పేటల్లో రేట్లూ మారాయి. ప్రభుత్వం పెద్దపెద్ద గృహసముదాయాలు కట్టి బీదవాళ్ళను ఒకచోట కుప్పపోసింది. ఆ సముదాయం ఎక్కడ కట్టాలో పేట నిర్ణయించలేదు, పైవాళ్ళు నిర్ణయించారు. కాబట్టి పేట తలరాతను ప్రకృతి రాయదు. పట్టా ఎవరికి ఇవ్వాలి, ఎవరిని ఎప్పుడు లేపాలి, ఎవరి పక్కన ఎవరిని పెట్టాలి అన్న సంతకాలు రాస్తాయి.

మా గట్టు విషయంలోనూ ఆ సంతకం పడింది. కొన్నేళ్ళ క్రితం గట్టు ఖాళీ చేయించి, ఊరికి దూరంగా మెరక చేసిన పొలంలో ఇళ్ళ స్థలాలిచ్చారు. పట్టా చేతికి రావడం గొప్ప సంగతి, దాన్ని నేను తక్కువ చేయను. 1991 నాటి రెండు మూడు కుటుంబాలు అంతకు ముందే వేరే చోట పట్టా సంపాదించి వెళ్ళాయి. వాటిలో ఒక పిల్లవాడు ఐటీఐ చదివి ఇప్పుడు మోటార్లు బాగుచేస్తున్నాడు. ఒకప్పుడు వాడి అన్న అవే మోటార్ల తీగలు కోశాడు. చోటు మారి, ఆ చోట నిలబడగలిగితే ఏమవుతుందో చెప్పడానికి వాడే నాకు సాక్ష్యం.

కానీ స్థలాలు లాటరీ తీసి ఇచ్చారు. గట్టు మీద చివరి నాలుగైదేళ్ళలో ఒక చిన్న మార్పు వచ్చింది. పదకొండు కుటుంబాలు కదలకుండా నిలిచాయి. అందులో తెలుగువాళ్ళున్నారు, ఒడిశా వాళ్ళున్నారు. ఆడవాళ్ళు పొదుపు సంఘం పెట్టుకున్నారు. మందు పాక ముందు ఒక రాత్రి ఆ పదకొండు ఇళ్ళ వాళ్ళూ కలిసి కూర్చుని దాన్ని మూయించారు. మూడుసార్లు లెక్కలు రాసిన నేను గట్టు మీద నలుగురు కలిసి ఒక పని చేయడం చూసింది అదొక్కసారే. అందుకే స్థలాలిచ్చేటప్పుడు ఆ కుటుంబాలకు ఒకే వరుసలో ఇమ్మని అర్జీ రాసి, వాళ్ళ వేలిముద్రలూ సంతకాలూ తీసుకుని, సంబంధిత కార్యాలయానికి నేనే వెళ్ళి ఇచ్చాను. లాటరీలో ఎవరి అదృష్టం వారిది, మధ్యలో మీకేమిటి అన్నారు. అక్రమాలు జరగకూడదని పెట్టిన పద్ధతి అది, ఆ ఉద్దేశం మంచిదే. గంపగుత్తగా ఒక వరుస వేరు చేసి, ఆ వరుసలోపల లాటరీ తీసినా ఆ ఉద్దేశానికి భంగం రాదని చెప్పి చూశాను. వినలేదు.

కిందటి నెల కాలనీకి వెళ్ళాను. మందు పాక ముందు కూర్చున్నవాళ్ళలో ఒకామె ఇంటికి వెళ్తే, కుళాయి దగ్గర బిందె పెట్టి వచ్చి మంచినీళ్ళిచ్చింది. పక్కింట్లో ఎవరుంటున్నారమ్మా అని అడిగాను. పేరు తెలియదంది. సంఘం ఏమైందని అడిగితే, వాయిదా కట్టడానికి వాళ్ళంతా ఒకచోట కలవాలంటే ఒక పూట పని మానుకోవాలంది. కాలనీ మొదట్లో కొత్తగా పాత ఇనుప సామాన్ల కొట్టు ఒకటి తెరిచారు. ఆ పదకొండు కుటుంబాలూ ఇప్పుడు ఏడు వీధుల్లో ఉన్నాయి.